ఏ అప్పు ముందు తీర్చాలి? రెండు వరసలు, వాటి ఖరీదు

(విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్న వారిలో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ మీదే. మొదటి జీతం కూడా మీదే అవుతుంది. ఆ జీతం చేతికి రాకముందే ఇంట్లో ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: ‘ఎవరిది ముందు తీరుద్దాం?’ డ్వాక్రా అప్పు ఒకటి ఉంటుంది, మైక్రోఫైనాన్స్ వాళ్లది ఒకటి, ఊళ్లో నోటు రాసి తెచ్చింది ఒకటి. ఫీజు రీయింబర్స్‌మెంట్ విడుదల కాలేదని, ఫీజు కడితేగానీ సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీ అంటే తెచ్చిన చేబదులు కూడా వాటిలో ఉండవచ్చు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఒక్క ప్రశ్న గురించే. అప్పు ఎందుకు చేశారన్నది కాదు, అప్పు మంచిదా చెడ్డదా అన్నదీ కాదు. చేతిలో నెలకు ఇంత డబ్బు ఉంది, అప్పులు ఇన్ని ఉన్నాయి, ఏ వరసలో కడితే ఎంత ఖర్చవుతుంది?

దీనికి రెండు ప్రసిద్ధమైన జవాబులున్నాయి. మొదటిది, బాకీ తక్కువున్న అప్పును ముందు తీర్చడం. ఒకటి తీరగానే దాని కిస్తీని తర్వాతి చిన్న అప్పు మీద కలిపి కట్టడం. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని స్నోబాల్ పద్ధతి అంటాయి. రెండోది, వడ్డీ రేటు ఎక్కువున్న అప్పును ముందు తీర్చడం. దాన్ని అవలాంచ్ పద్ధతి అంటారు. రెండింటిలోనూ మిగతా అప్పులకు కట్టాల్సిన కనీస కిస్తీ ఆగదు. కిస్తీలన్నీ పోగా మిగిలిన డబ్బు ఎటు పోవాలన్నదే తేడా.

ముందు అన్ని వడ్డీలనూ ఒకే భాషలోకి తేవాలి

వరస పెట్టాలంటే పోల్చాలి. మన ఇళ్లలో అప్పులు పోల్చడం కష్టం, ఎందుకంటే ఒక్కో అప్పు ఒక్కో భాష మాట్లాడుతుంది. ఊళ్లో వడ్డీ ‘నూటికి మూడు రూపాయలు’ అంటారు. అది నెలకు. ఏడాదికి 36 శాతం. బ్యాంకు 12 శాతం అంటుంది. అది ఏడాదికి. పన్నెండు పెద్దదిగా, మూడు చిన్నదిగా వినిపిస్తాయి గానీ నిజానికి మూడు రూపాయల వడ్డీ బ్యాంకు వడ్డీకి మూడు రెట్లు.

ఇంకో చిక్కు ఫ్లాట్ వడ్డీ. 40,000 రూపాయలు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే 4,800 వడ్డీ కలిపి నెలకు 3,733 చొప్పున పన్నెండు కిస్తీలు కట్టించుకుంటారు. మీరు ప్రతి నెలా అసలు కొంత తిరిగి ఇస్తున్నారు. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న 40,000 మీదే ఏడాది పొడుగునా పడుతోంది. మిగిలిన బాకీ మీద లెక్కేస్తే ఇది ఏడాదికి దాదాపు 21.5 శాతం. ఏడాది కాలపు ఫ్లాట్ వడ్డీ ఎక్కడ కనిపించినా దాన్ని సుమారు రెట్టింపుగా చదువుకోండి.

బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల అప్పుల్లో ఈ పని మీరు చేయక్కర్లేదు. 2024 అక్టోబరు 1 తర్వాత ఇచ్చే రిటైల్ అప్పులన్నిటికీ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ప్రాసెసింగ్ ఫీజు, బీమా లాంటివి కూడా కలిపి వార్షిక శాతం రేటు చూపిస్తారు. వరసకు ఆ అంకె తీసుకోండి, ఏజెంటు నోట విన్న అంకె కాదు.

ఒక ఇంటి లెక్క

లెక్క తేలిగ్గా నడవడం కోసం ఒక ఇంటిని ఊహిద్దాం. ఆ ఇంట్లో మూడు అప్పులు. డ్వాక్రా అప్పు 20,000, నూటికి రూపాయి వడ్డీ, నెల కిస్తీ 1,000. మైక్రోఫైనాన్స్ అప్పు 40,000, నూటికి రెండు రూపాయలు, నెల కిస్తీ 2,000. ఊళ్లో ఆసామి దగ్గర నోటు మీద తెచ్చింది 60,000, నూటికి మూడు రూపాయలు. దీనికి కిస్తీ లేదు, నెలనెలా వడ్డీ 1,800 ఇస్తే చాలు. మొత్తం బాకీ లక్షా ఇరవై వేలు. ఆ ఇంటి కూతురికి ఉద్యోగం వచ్చింది. అన్నీ పోను అప్పులకు నెలకు 10,000 పెట్టగలరు. కట్టి తీరాల్సింది 4,800. మిగిలిన 5,200 ఎటు పోవాలన్నదే ప్రశ్న.

ఈ ఇంటిని కావాలనే ఇలా ఎంచుకున్నాను. చిన్న అప్పుకే తక్కువ వడ్డీ, పెద్ద అప్పుకే ఎక్కువ వడ్డీ. కాబట్టి రెండు పద్ధతులూ సరిగ్గా తలకిందుల వరస చెబుతాయి. ఒకవేళ ఆసామిది 20,000, డ్వాక్రాది 60,000 అయితే రెండు పద్ధతులూ ముందు ఆసామిదే తీర్చమంటాయి, వాదనే ఉండదు. కానీ భూమి లేని ఇంటికి, తాకట్టు పెట్టేది లేని ఇంటికి చౌక వడ్డీ అప్పు చిన్నదిగానే దొరుకుతుంది. ఆపరేషనుకో పెళ్లికో పెద్ద మొత్తం కావాలంటే ఖరీదైన చోటికే పోవాలి. అందుకే తలకిందుల వరస మన ఇళ్లకు కొత్త కాదు.

మొదట పెద్ద వడ్డీ ముందు అనే పద్ధతి చూద్దాం. ఆసామికి నెలకు 7,000 పోతుంది. మొదటి నెల వడ్డీ 1,800 పోను అసలులో 5,200 తగ్గుతుంది, బాకీ 54,800. రెండో నెల వడ్డీ దాని మీదే కాబట్టి 1,644, బాకీ 49,444. ఇలా పోతే పదకొండో నెలలో ఆసామి బాకీ తీరుతుంది. ఆ డబ్బంతా మైక్రోఫైనాన్స్ మీదికి మళ్లితే పద్నాలుగో నెలలో అదీ తీరుతుంది. పదిహేనో నెలలో డ్వాక్రాకు చివరి 450 రూపాయలు. మొత్తం కట్టింది 1,40,450. అంటే వడ్డీ 20,450.

ఇప్పుడు చిన్న అప్పు ముందు. డ్వాక్రాకు నెలకు 6,200 పోతుంది, నాలుగో నెలలోనే అది తీరుతుంది. ఎనిమిదో నెలలో మైక్రోఫైనాన్స్ తీరుతుంది. అప్పటిదాకా ఆసామికి వడ్డీ మాత్రమే ఇస్తున్నారు, అసలు 60,000 కదలలేదు. తొమ్మిదో నెల నుంచి పదివేలూ ఆసామికే కడితే పదిహేనో నెలలో 6,460 ఇచ్చి ముగించవచ్చు. మొత్తం కట్టింది 1,46,460. వడ్డీ 26,460.

రెండు దారులూ పదిహేనో నెలలోనే ముగిశాయి. తేడా 6,010 రూపాయలు. చిన్న అప్పు ముందు తీర్చడానికి ఈ ఇల్లు చెల్లించే ధర అది. లక్షా ఇరవై వేల అప్పులో ఆరు వేలు చిన్నదే అనిపించవచ్చు. వడ్డీతో పోలిస్తే మాత్రం దాదాపు 30 శాతం అదనం.

ఆ ఆరు వేలకు ఏం దొరుకుతుంది?

ఏమీ దొరకదని అనలేం. ఎనిమిదో నెల చివర రెండు ఇళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. పెద్ద వడ్డీ ముందు తీర్చిన ఇంటికి ఇంకా సుమారు 56,800 బాకీ ఉంది, ముగ్గురికీ ఉంది. చిన్న అప్పు ముందు తీర్చిన ఇంటికి సుమారు 59,400 బాకీ ఉంది, ఒక్కరికే ఉంది. తొమ్మిదో నెలలో ఉద్యోగం పోయిందనుకోండి, లేదా నాన్న మంచం పట్టాడనుకోండి. మొదటి ఇల్లు ఆ నెల తప్పనిసరిగా కట్టాల్సింది దాదాపు 3,400. రెండో ఇల్లు కట్టాల్సింది దాదాపు 1,800. ఆ నెలకు రెండో ఇంటికి ఊపిరి సలుపుతుంది. ఆదాయం నికరంగా ఉండని ఇంటికి ఇది చిన్న విషయం కాదు. ఆ నెల గడవడానికి మళ్లీ అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే, మొదటి ఇల్లు మిగుల్చుకున్నది కొంత అందులో పోతుంది.

మనసు సంగతి కూడా ఉంది. దీని మీద పరిశోధన జరిగింది. 2011లో మోటీ అమర్, డాన్ ఏరియలీ, మరి ముగ్గురు కలిసి జర్నల్ ఆఫ్ మార్కెటింగ్ రీసెర్చ్‌లో ఒక పత్రం అచ్చువేశారు. ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు అప్పుల సంఖ్య తగ్గించుకోవాలన్న ఆరాటంతో, ఎక్కువ వడ్డీ పెద్ద అప్పు మీద ఉన్నా చిన్న అప్పులే ముందు తీర్చారు. అలా నష్టపోయారు. మరుసటి ఏడు అదే పత్రికలో డేవిడ్ గాల్, బ్లేక్ మెక్‌షేన్ రెండో వైపు చూపించారు. అప్పుల పరిష్కార సంస్థ ఖాతాదారుల సమాచారం చూస్తే, ఖాతాలు ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోయినవాళ్లు చివరిదాకా నిలబడే అవకాశం ఎక్కువగా కనిపించింది. సగంలో వదిలేసే వరసకన్నా కాస్త ఖరీదైనా పూర్తి చేసే వరస మేలన్నది దాని సారం.

ఈ పత్రాలను చదవండి, కానీ వాటి హద్దు గుర్తుపెట్టుకోండి. అవి ప్రధానంగా అమెరికాలో, ఖాతాలూ స్టేట్‌మెంట్లూ ఉన్న అప్పుల గురించినవి. క్రెడిట్ కార్డు కంపెనీ ఎంత చిన్న మొత్తమైనా అసలు కింద తీసుకుంటుంది. మీ ఇంటి ముందుకొచ్చి నిలబడదు, మీ అమ్మను పనికి రమ్మనదు. రెండు పద్ధతుల లెక్కలూ ఒక షరతును ముందే ఒప్పేసుకుంటాయి: అప్పు తీసుకున్నవాడు ఎప్పుడు, ఎంత కట్టాలన్నది తానే నిర్ణయించుకోగలడని. మన దగ్గర ఆ షరతు దగ్గరే కథ మారుతుంది.

‘ఇస్తే మొత్తం ఇవ్వు’

ఊళ్లో నోటు అప్పుకు చాలాచోట్ల ఒక నియమం ఉంటుంది. ఏ కాగితం మీదా ఉండదు. ‘వడ్డీ నెలనెలా ఇవ్వు, అసలు ఇస్తే ఒకేసారి ఇవ్వు’ అంటారు. అయిదు వేలు తీసుకెళ్తే ‘చిల్లర ఎందుకు, ఉంచుకో’ అంటారు. మర్యాదగానే అంటారు. ఆ మర్యాద ఖరీదెంతో చూద్దాం.

అదే ఇల్లు, అవే అప్పులు, అదే పదివేలు. ఆసామి మాత్రం అసలు విడతలుగా తీసుకోడు. పెద్ద వడ్డీ ముందు అనుకున్న ఇల్లు ఆ 5,200ను నెలనెలా బ్యాంకులో దాచాలి. 60,000 పోగవడానికి పన్నెండు నెలలు. ఆ పన్నెండు నెలలూ 1,800 చొప్పున 21,600 వడ్డీ ఆసామికి పోతుంది. పొదుపు ఖాతా ఇచ్చే కొద్దిపాటి వడ్డీని పక్కన పెడితే, మొత్తం అప్పులు తీరేది పదహారో నెలలో, కట్టిన వడ్డీ 32,425. చిన్న అప్పు ముందు అనుకున్న ఇల్లు కూడా పదహారో నెలలోనే ముగిస్తుంది, వడ్డీ 33,824.

రెండు పద్ధతుల మధ్య తేడా ఆరు వేల నుంచి పద్నాలుగు వందలకు పడిపోయింది. ఆ పద్నాలుగు వందల కోసం ఏడాదిపాటు వేలకు వేలు ఖాతాలో ఉంచుకుని, ఏ అవసరమొచ్చినా ముట్టకుండా ఉండాలి. ఇలాంటి చోట చిన్న అప్పు ముందు తీర్చేవాళ్లను లెక్క తెలియనివాళ్లని అనడానికి నాకు నోరు రాదు.

దానికన్నా ముఖ్యమైన అంకె ఇంకొకటి ఉంది. విడతలుగా తీసుకుంటే 20,450 వడ్డీతో పోయే ఇల్లు, తీసుకోనంటే 32,425 కట్టింది. తేడా దాదాపు 12,000. వరస మార్చుకుంటే మిగిలేదానికి ఇది రెట్టింపు. ఏ అప్పు ముందు అని ఇంట్లో మనం గంటలు వాదించుకుంటాం. అంతకు రెట్టింపు ఖరీదైన విషయాన్ని మాత్రం ఆసామి అరుగు మీద ఒక్క మాటతో ఒప్పేసుకుని వస్తాం. ఎందుకు ఒప్పుకుంటాం? రేపు మళ్లీ అక్కడికే వెళ్లాలి కాబట్టి. పని అక్కడే దొరకాలి కాబట్టి. అడగడమే ఎదురు మాట్లాడటం అవుతుంది కాబట్టి. కులం అప్పులోకి వడ్డీ రేటు రూపంలోనే రాదు. తీర్చే హక్కు ఎంత ఉందన్న రూపంలో కూడా వస్తుంది. వడ్డీ రేటును పట్టికలో రాసుకోవచ్చు, ఇది ఏ పట్టికలోనూ కనిపించదు.

మరి ఏం చేయాలి?

మీరు ఇంటికి వెళ్లి ఒక తెల్లకాగితం తీసుకోండి. ప్రతి అప్పుకూ నాలుగు విషయాలు రాయండి: ఇవాళ్టి బాకీ, ఏడాది వడ్డీ, నెలకు తప్పనిసరి కట్టుబడి, అసలును విడతలుగా తీసుకుంటారా లేదా. నాలుగో గడి ఏ పుస్తకంలోనూ లేదు, మీరే వేసుకోవాలి.

ఆ గడిలో ‘తీసుకోరు’ అని ఉన్న అప్పు దగ్గర, వరస గురించి ఆలోచించే ముందు రెండు ప్రయత్నాలు చేయండి. ఒకటి, అడగడం. మూడు విడతల్లో తీసుకుంటారా అని పెద్దమనుషుల సమక్షంలో అడిగినా తప్పులేదు. ఒకేసారి ఇరవై వేలు ఇస్తామంటే ఒప్పుకునేవాళ్లు, అయిదు వేలకు ఒప్పుకోనివాళ్లు ఉంటారు. ఇచ్చినప్పుడు నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, లేదా ఖాతాకు పంపి ఆధారం ఉంచుకోవాలి. మొత్తం తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోకుండా రావద్దు. రెండు, అప్పును మార్చడం. డ్వాక్రా సంఘం నుంచో బ్యాంకు నుంచో రూపాయి వడ్డీకి అరవై వేలు దొరికితే, ఆసామికి నెలకు పోయే 1,800 ఆ రోజు నుంచే 600 అవుతుంది. ఏ వరసా మొదటి నెలలోనే ఇంత మిగల్చదు. అయితే పాత నోటు అదే రోజు చినగాలి. లేకపోతే రెండు అప్పులవుతాయి.

విడతలుగా తీసుకునే అప్పుల మధ్య వరసకు నా సలహా ఇది. ఆదాయం నికరమైనదైతే పెద్ద వడ్డీ ముందు. నెల మారితే ఆదాయం మారే ఇల్లయితే, మైక్రోఫైనాన్స్ లాంటి గట్టి కిస్తీ ఉన్న అప్పు ఒకటి రెండు మూడు నెలల్లో తీరిపోయేలా ఉంటే దాన్ని ముందు తీర్చి, ఆ తర్వాత పెద్ద వడ్డీకి మళ్లండి. ఆ పక్కదారి ఖరీదెంతో వేసుకుని మరీ వెళ్లండి. అది పెద్ద లెక్క కాదు. చిన్న అప్పు మీద పెట్టిన అదనపు డబ్బును, రెండు వడ్డీల తేడాతో, ఎన్ని నెలలో దానితో హెచ్చవేయండి. 10,000 మూడు నెలలపాటు నూటికి రెండు రూపాయల తేడా అంటే 600 రూపాయలు. ఆ ఊపిరికి ఆరు వందలు ఇవ్వవచ్చా లేదా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకునే మాట.

కొన్ని హెచ్చరికలు. మైక్రోఫైనాన్స్ అప్పు ముందే తీరిస్తే జరిమానా వేయకూడదని 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం. అడిగితే ఆ మాట చెప్పండి. స్థిర వడ్డీ పర్సనల్ లోన్లకు మాత్రం ముందే తీర్చే చార్జీ ఉండవచ్చు, దాన్ని లెక్కలో కలపండి. ఏ వరస ఎంచుకున్నా డ్వాక్రా కిస్తీ ఆపవద్దు. వడ్డీ రాయితీ సకాలంలో కట్టిన సంఘాలకే వస్తుంది, మీ ఒక్క కిస్తీ ఆగితే మిగతా అక్కచెల్లెళ్లందరికీ నష్టం. విద్యా రుణం సాధారణంగా ఇంట్లో అప్పులన్నిట్లో పెద్దదీ, వడ్డీ తక్కువదీ కాబట్టి రెండు పద్ధతుల్లోనూ చివరికే వస్తుంది. కిస్తీ కడుతూ ఉండండి, అదనపు డబ్బు దానికి పెట్టకండి.

ఆఖరుగా, వరసలోనే పెట్టకూడని అప్పు ఒకటుంది. అప్పు ఇచ్చి, దాని కింద మనిషిని పనికి కట్టేసుకుంటే అది అప్పు కాదు, వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం ఆ బాకీనే రద్దు చేసింది. దాన్ని వసూలు చేయడానికి కోర్టుకు కూడా వెళ్లలేరు. ‘అప్పు తీరేదాకా వేరే చోటికి పనికి పోవద్దు’ అన్న మాట మీ ఇంటి అప్పుల్లో ఎక్కడైనా ఉంటే, దానికి మీ మొదటి జీతంలోంచి ఒక్క రూపాయి కేటాయించే ముందు కలెక్టరుకో ఆర్డీవోకో అర్జీ పెట్టండి. ఆ అర్జీ రాయడానికి మన సంఘంలో చట్టం చదివే విద్యార్థులున్నారు, వాళ్ల దగ్గరికి రండి.

మీ ఇళ్ల లెక్కలు వేసుకుని వచ్చే తరగతికి తీసుకురండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. నాలుగో గడిలో ఎన్నిచోట్ల ‘తీసుకోరు’ అని వస్తుందో అందరం కలిసి లెక్కపెడదాం.

జై భీమ్.